రెండో రోజుకే ఆపిన పరీక్ష

మా చెల్లె తన మొదటి పుస్తకానికి పెట్టిన పేరు ఓడిపోయిందని మిర్యాలగూడలో మావాళ్లంతా చెప్పుకుంటారు. అబద్ధం. అసలు పోటీయే పూర్తి కాలేదు.

చెల్లె ఒక పేరు పెట్టింది, దాని మొగుడు ఇంకొకటన్నాడు. ముందు ఫోన్లో చదివే పుస్తకంగా అమ్మి, గెలిచిన పేరుతో అచ్చు వేద్దామన్నాను. అట్ట బొమ్మ, ధర, రోజులు రెండిటికీ ఒకటే. ప్రకటన చూసేవాళ్లలో సగం మందికి ఒక పేరు, మిగతా సగానికి ఇంకొకటి, చీటీలు తీసినట్టు పంచేలా పెట్టాను. రెండు వారాలాగి, అమ్మకాలు చూసి తేల్చాలని ముందే అనుకున్నాం.

రెండో రోజే మరిది ప్రకటన ఆపేశాడు.

"వదినా, నా పేరుకే క్లిక్కులెక్కువ. ఇగ ఖతం!"

"క్లిక్కు కొట్టినోళ్లంతా కొన్నరా? రెండిటికీ అమ్ముడైనయే రెండు మూడు. మిల్లు నడుపుతవ్, లారీలున్న పై బస్తాల గుప్పెడు వడ్లు సూసి సరుకంతటికీ ధర కడతవా?"

నవ్వాడు. తన పేరుతోనే అచ్చు వేయించాడు.

"పోనీ అక్కా, నాకు రాయొస్తలేదేమో," అన్నది చెల్లె. మొదలుపెట్టిన రెండో పుస్తకం అక్కడే ఆగింది.

ఓడిపోయావని కాకుండా, ఇంకా తేలలేదని ఆ రోజు ఎవరన్నా దానికి చెప్పుంటే, రాసేదా?