గాజుల తాజ్‌బీ, మునగాకు చాయ్

గద్వాల గాజుల తాజ్‌బీ ముప్పై ఏళ్లుగా ధరూరు వైపు ఊళ్లన్నీ తిరిగింది. సూలింత చేతికైనా గాజు చిట్లకుండా ఎక్కించేది. ఆ చేతుల మీద నమ్మకమే ఆమె బతుకు. షుగరు, బీపీ వచ్చాక ఆమెను కుంగదీసింది గోలీలు కాదు, చాయ్ మానేయడం. ఏ గడపలో కూర్చున్నా ముందు చాయ్ ఇస్తారు. వద్దంటే వాళ్ల ముఖం చిన్నబోతుంది, ఈమె ప్రాణమూ లాగుతుంది.

ఆ బాధ ధరూరులో ఎప్పుడూ తన దగ్గరే గాజులు తొడిగించుకునే పార్వతమ్మ తీర్చింది. మునగాకు నీడన ఎండబెట్టి, దంచి, చక్కెర లేకుండా మరిగించి తాగితే రెండు జబ్బులూ దిగుతాయని ఆమె టీవీలో విన్నదట. ఇంకేముంది, అన్ని ఇళ్లలోనూ అదే చాయ్. ప్రేమకు కొలత ఉంటుందా! రోజుకు ఆరేడు గ్లాసులు. కడుపు నిండినట్టుండి తాజ్‌బీ సద్దిమూట విప్పేదే కాదు. పొద్దున గోలీలు మాత్రం తప్పేవి కావు. పరీక్షలో షుగరు తగ్గిందంటే మురిసిపోయింది పిచ్చిది. చాయ్ సంగతి డాక్టరుకు చెప్పలేదు. ఆకు కూడా ఒక మందేనా, చెప్పుకోవడానికి?

ఒక మధ్యాహ్నం పార్వతమ్మ ఇంట్లో, ఏడో నెల కడుపుతో ఉన్న ఆమె బిడ్డ మాధవికి గాజులు తొడుగుతోంది. ఉన్నట్టుండి తాజ్‌బీకి ఒళ్లంతా చెమట. గాజు పటుక్కున విరిగి మాధవి మణికట్టు మీద కోసుకుపోయింది. తాజ్‌బీ ఆ నెత్తురును వింతగా చూసింది.

"ఎవరు బిడ్డా నువ్వు?"

పురిట్లో తొలి గాజు తానే తొడిగిన పిల్లను పట్టుకుని ఆ మాట! పార్వతమ్మ చక్కెర నీళ్లు ఇద్దామనుకుని, షుగరు మనిషికి చక్కెరా అని భయపడి ఆగిపోయింది. ఆటోలో గద్వాల దవాఖానకు తెస్తే, నరంలోకి గ్లూకోజు ఎక్కిస్తే తప్ప తాజ్‌బీ మనుషులను గుర్తుపట్టలేదు. షుగరు నలభై ఆరుకు పడిపోయిందన్నారు.

ఏం తిన్నదని డాక్టరు అడిగితే పార్వతమ్మ తల దించుకుని చాయ్ సంగతి చెప్పింది. ఆయన కసురుకోలేదు. తిన్నా తినకున్నా షుగరు గోలీ పని చేస్తూనే ఉంటుందని, అసలు ముప్పు ఖాళీ కడుపేనని చెప్పాడు. ఆకు కూడా కొంత దించి ఉండవచ్చు, ఎంతన్నది ఎవరూ చెప్పలేరన్నాడు. షుగరు పడిపోతే వచ్చే వణుకునూ గుండెదడనూ ఆమె బీపీ గోలీ కప్పేస్తుందట, చెమట ఒక్కటే బయటపడుతుందట. మర్నాటి దాకా అక్కడే ఉంచి, షుగరు గోలీ మోతాదు తనే తగ్గించాడు. సొంతంగా ఏ గోలీ మానొద్దని, మునగాకు కూరలో తింటే చాలని, గోలీల మీద ఆ చాయ్ వద్దని, ఇకపై ఏం తాగినా తనకు చెప్పమని పంపాడు.

పది రోజులు గాజుల మూట విప్పలేదు తాజ్‌బీ. నెత్తురు చూపిన చేతికి ఇక ఏ ఆడపిల్ల చెయ్యిస్తుంది? చివరికి సిగ్గు చంపుకుని పార్వతమ్మ గడపలోనే నిలబడింది. ఏం తాగుతవని అడగడానికి పార్వతమ్మకు నోరు రాలేదు. తాజ్‌బీయే అడిగింది, ఏ ఇంట్లోనూ ఎన్నడూ అడగనిది.

"ఆకలైతుంది పార్వతమ్మా. జర ఇంత అన్నం పెట్టు."

కంచం తెచ్చింది మాధవి. పక్కనే కూర్చుని, కట్టు కట్టిన చెయ్యే ముందుకు చాచింది.

"నిమ్మళంగ తిను అవ్వా. తిన్నంక ఎక్కిద్దువు."