బెల్టు లేని మెషీను, మామయ్య చెయ్యి

మా మామయ్యకు మొండితనం పుట్టుకతోనే వచ్చింది. చెవుడు మాత్రం అరవై దాటాక వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆయన వాషింగ్ మెషీన్లను చెవితోనే బాగు చేశారు. బెల్టు మెషీన్లలో మోటారుకు చిన్న చక్రం, డ్రమ్ముకు పెద్ద చక్రం ఉంటాయి. మోటారు పది పన్నెండు చుట్లు తిరిగితే గానీ డ్రమ్ము ఒక్క చుట్టు తిరగదు. బెల్టు వదులైతే కీచుమంటుంది, ఆయన గుమ్మంలోంచే రోగం చెప్పేసేవారు.

పోయిన నెల ఒకరింట్లో ఆ కీచు ఆయనకు వినపడలేదు. అంతా బాగుందని చెప్పి వచ్చేశారు. రెండో రోజే బెల్టు తెగింది. ఇంకొక్కసారి ఇలా పొరబడితే పనిముట్ల సంచి అటకెక్కిస్తానన్నారు. ఆయన అన్నారంటే అన్నట్టే. నాకు భయమేసింది. ఆయన రిపేరు షాపులో ఫోన్లు ఎత్తేదీ నేనే, పని లేని మామయ్యను ఇంట్లో భరించాల్సిందీ నేనే.

ఆ తర్వాతి పిలుపు పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం నుంచి వచ్చింది. మెషీను ఒకసారి ఉలిక్కిపడి ఆగిపోతోందట. ముందు వచ్చినతను మోటారు కాలిందన్నాడట. అది డైరెక్ట్ డ్రైవ్. అందులో బెల్టే లేదు, కీచుమనడానికి ఏమీ లేదు. అయస్కాంతాల చక్రం డ్రమ్ము ఇరుసుకే బిగించి ఉంటుంది. అది ఎన్ని చుట్లు తిరిగితే డ్రమ్ము అన్నే చుట్లు. ఉతికేటప్పుడు నిమిషానికి యాభై చొప్పున అటూ ఇటూ, పిండేటప్పుడు పన్నెండు వందలు. ఆ చక్రాన్ని తిప్పే రాగితీగ చుట్టల్లో, అంటే కాయిళ్లలో, కరెంటు ఎంత వేగంగా మారాలో మెషీను లోపలి కంట్రోలు బోర్డే చూసుకుంటుంది. వినేదేముందో తెలియకపోయినా, ఆయన చెవులుగా నేనూ బయలుదేరాను.

మామయ్య ప్లగ్గు పీకి, లోపలికి చెయ్యి పెట్టి డ్రమ్ము తిప్పారు. బురదలో చక్రంలా బరువుగా కదిలింది. మోటారు నిజంగానే కాలిపోయిందనుకున్నాను. ఆయన తొందరపడలేదు. కాసేపాగి వెనక మూత విప్పి, మోటారు తీగల కనెక్టరు ఊడదీసి మళ్లీ తిప్పారు. ఈసారి డ్రమ్ము చిన్న చిన్న మెత్తని అడుగులు వేసుకుంటూ తేలిగ్గా తిరిగింది.

“మోటారు బాగుందమ్మా. కాయిలే కాలితే తీగలు పీకినా బరువు తగ్గదు. బోర్డులో ఏదో షార్టయి బ్రేకేస్తోంది,” అన్నారు.

కేంద్రం నడిపే ఆవిడ నమ్మలేదు. ఆయన వాదించలేదు. ఆవిడ చేతినే డ్రమ్ములో పెట్టించి, కనెక్టరు తగిలించి ఒకసారి, ఊడదీసి ఒకసారి తిప్పించారు. ఆ తర్వాత ఆవిడే బోర్డు మార్చమన్నారు.

కొత్త బోర్డు వేశాక డ్రమ్ము ఇటు తిరిగి, ఆగి, అటు తిరిగింది. పిండే వేగం అందుకున్నాక మామయ్య మెషీను మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నారు. నెల రోజుల తర్వాత ఆ ముఖంలో నవ్వు చూసి నా కడుపు నిండిపోయింది.

దారిలో ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా మెచ్చుకోబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“అరవకమ్మా. రేపు వెళ్లాల్సిన ఇళ్లు కాగితం మీద రాసివ్వు.”