ఎర్ర గుర్తు పెట్టిన ప్రింటరు

రామమూర్తి మామయ్యగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా పనిచేశారు. రిటైరయ్యాక ఆ ఊళ్ళోనే నిమ్‌పురాలో ఉంటూ, ప్రతి ఆదివారం నేను పిల్లలకు చెప్పే తెలుగు తరగతికి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు. బడిలో బెంగాలీ, హిందీ చదివే ఆ పిల్లలు మన అక్షరాల దగ్గర తడబడుతుంటే ఆయనకు మనసు ఆగేది కాదు.

"సేత్తో పట్టుకుంటే గానీ ఏ సామానూ అర్థం కాదమ్మా. అచ్చరాలు చేసి ఇస్తాను," అన్నారు ఒకరోజు. అందుకోసం ఆన్‌లైన్‌లో త్రీడీ ప్రింటరు తెప్పించారు. విజయదశమికి కొత్త పిల్లలు చేరతారు. ఆ రోజుకు యాభై ఆరు అక్షరాలూ సిద్ధం కావాలని ఆయన పట్టు.

పెట్టె వచ్చిన మర్నాడు నన్ను పిలిపించారు. ప్రింటరు బల్ల మీద ఉంది. దాని చట్రానికి ఇంత లావున ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు!

"ఇదేటి మామయ్యగారూ?"

"రిజెక్ట్ అయిన సామానమ్మా. ఎర్ర గుర్తు పెట్టకపోతే ఎవడో తెలీక బిగించేస్తాడు. అదే రూలు."

"ఇంట్లో ఎవరు బిగిస్తారు, నేనా?" అంది వంటింట్లోంచి బాలత్రిపురసుందరి అత్తయ్య. "నయం, నాకూ ఓ గుర్తు పెట్టలేదు!"

ఆయన ఆ గుర్తుతో సహా ఫోటో తీసి, 'సామాను బాగాలేదు, మార్చండి' అని అమ్మినవాళ్ళకు పంపేశారు. జవాబు వెంటనే వచ్చింది: వస్తువుకు మీరు రంగు వేశారు, కాబట్టి వాపసు తీసుకోలేం. వాపసు గడువు ఇంకా మూడు రోజులుంది. ఆయన ముఖం చూడలేకపోయాను.

ఫోన్‌లో వాళ్ళతో వాదించడం నావల్ల కాదు. తెలియనివాళ్ళతో మాట్లాడాలంటేనే నాకు బెరుకు. ఉత్తరమైతే రాయగలను. "ఏమేం చూశారో వరసగా చెప్పండి," అన్నాను.

ఆయన నోట్‌బుక్ తెచ్చారు. నిలువు కమ్మీ దగ్గర, మూల తిన్నగా ఉందో లేదో చూసే మూలమట్టం పెడితే పైన నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ. ప్లాస్టిక్‌ను కరిగించే ముక్కు వేడెక్కడం లేదు. తెరమీద అంకె ఇరవై తొమ్మిది దగ్గరే నిలిచి, తర్వాత తప్పు చూపిస్తోంది. ప్లగ్గు పీకి, హీటరు తీగలు రెండూ విప్పి మీటరు పెడితే లోపల తీగ తెగినట్టే చూపిస్తోంది. దాని మీద రాసిన వోల్టులూ వాట్లూ బట్టి పద్నాలుగు ఓములకు పైచిలుకు చూపాలి.

"మీరే సరిచేయచ్చు కదా?"

"ఇన్‌స్పెక్షన్ కాకుండా వంకర తీస్తే నేరం నాది అవుతాది," అన్నారు గంభీరంగా.

రంగు వేయకముందు ఫోటో ఉంటే చాలు. ఆయన దగ్గర లేదు. అప్పుడు అత్తయ్య తన ఫోన్ తీసింది. "పలాసలో మా చెల్లికి పంపినాను, మా ఆయన కొత్త పెళ్ళికూతురొచ్చిందని."

ఫోటోలో అప్పుడే తెరిచిన పెట్టె, మూల నలిగిన తెల్ల థర్మాకోల్, శుభ్రమైన వంకర చట్రం, పక్కన మూలమట్టం పట్టుకుని మూతి ముడుచుకున్న మామయ్యగారు. కింద తేదీ, సమయం.

"ఏటే, ఇలా ఉన్నానా నేను?"

"రిజెక్ట్ అయినట్టే ఉన్నారు."

నేను ఇంగ్లీషులో రాస్తుంటే 'సవినయంగా మనవి చేయునది' అని ఉండాల్సిందేనని మామయ్యగారు పట్టుబట్టారు. ఒక్కసారికి ఒప్పుకున్నాను. కొలతలన్నీ రాసి, చివర ఇలా చేర్చాను: "ఎర్ర గుర్తు దాచడానికి వేసింది కాదు, చూపడానికి వేసింది. మా ఊరి వర్క్‌షాపులో పనికిరాని భాగం మీద ఆ గుర్తు లేకపోతే రైలు ఎక్కినవాళ్ళకు ప్రమాదం. ముప్పై నాలుగేళ్ళ అలవాటు రిటైరైనా పోలేదు. రంగు వేయకముందు తీసిన ఫోటో జతచేశాం."

గడువు చివరిరోజు పొద్దున్నే జవాబొచ్చింది. కొత్తది పంపుతున్నాం, పాతది మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు అని. దాని కింద ఇంకో వాక్యం: 'కొత్తదానికి దయచేసి రంగు వేయవద్దు.'

అత్తయ్య నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. ఆ సాయంత్రమే రంగు డబ్బా బియ్యం డ్రమ్ము వెనక్కి వెళ్ళిపోయింది.

కొత్త ప్రింటరుకు మూలమట్టం చక్కగా ఆనింది. ముక్కు వేడెక్కింది. పొర మీద పొరగా గంటసేపు పోస్తే పసుపురంగు 'అ' తయారైంది. చల్లారాక మామయ్యగారు దాన్ని పైకి తీశారు, అలవాటుగా మూలమట్టం ఆనించారు, ఆగిపోయారు.

"దీనికి మూలే లేదు కదమ్మా! ఇంక పాసెలా చేసేది?"

"కళ్ళు మూసుకుని వేలితో దిద్దండి," అన్నాను.

దిద్దారు, ఒకసారి, మళ్ళీ ఒకసారి. "ఠీక్ హై," అని నా చేతిలో పెట్టి, "ఇంక 'ఆ' రానీ," అన్నారు.