నాలుగున్నర పడవ

ఆఫీసులో అందరూ ఆమెను ప్రశ్నలమ్మ అంటారు. ఎవరు వచ్చి "ఎక్కడికైనా వెళ్లాలనుందండీ" అన్నా ఆమె కలం మూత తీయకుండానే నాలుగు ప్రశ్నలు వేస్తుంది. ఎప్పుడు, ఎంతమంది, ఎక్కడికి, ఎంతలో. ఆ నాలుగూ తెలియకుండా ప్రయాణం రాయడమంటే కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టడమేనని ఆమె నమ్మకం. సీజన్‌లో గది దొరకదు, వారంలో ఒకరోజు మ్యూజియం మూసి ఉంటుంది, ముగ్గురైతే కారు సరిపోతుంది, తొమ్మిదిమందైతే వ్యాను కావాలి. పెద్దవాళ్లుంటే కింది బెర్తు చూడాలి. ఇరవై రెండేళ్లుగా ఆ ట్రావెల్ ఆఫీసులో అదే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఆమె ఇవన్నీ చూసింది.

ఇంట్లోనూ ఇదే వరస. మొగుడు చెప్పులేసుకుని బయల్దేరితే చాలు, ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికొస్తారు అని మొదలుపెడుతుంది. "నేను టూరుకు పోవట్లేదే, క్షవరానికి పోతున్నా" అంటాడు ఆయన.

ఇంతకుముందు ఆమె ఇంత అనుమానం మనిషి కాదు. కిందటి సీజన్‌లో ఒకతను ఆఫీసు ఫోనుకు సందేశం పెట్టాడు. తేదీ లేదు, లెక్క లేదు, ఊరూ పేరూ లేదు. పాపం, కొత్తవాడనుకుని ఆమె రెండురోజులు కూర్చుని పన్నెండు రోజుల యాత్ర రాసి పంపింది. వారం తిరగకుండా అదే యాత్ర రోడ్డుకు అవతలున్న ఆఫీసు బోర్డు మీద వెలిసింది. 'సూర్యాస్తమయం' అని రాయబోయి ఆమె పెట్టిన ఒత్తు తప్పుతో సహా. నలభైమంది గుంపు అటు వెళ్లిపోయింది. యజమాని అరవలేదు. "ఇంకొక్కసారి మన ప్లాన్ బయటికి పోయిందంటే ఆ కుర్చీలో వేరేవాళ్లు కూర్చుంటారు" అన్నాడంతే. అరిచినా బాగుండేదని ఆమెకు అనిపించింది. ఈ వయసులో ఆ కుర్చీ పోతే తనకు వేరే పని రాదు, ఎవరూ ఇవ్వరు.

అప్పటినుంచి ఆమెకు తాడును చూసినా పామే. అవతలి ఆఫీసువాడు రోడ్డు దాటుతూ తల ఊపినా, గుమ్మడికాయల దొంగంటే వీడు భుజాలు తడుముకుంటున్నాడు అనుకునేది.

సరిగ్గా అలాంటి రోజుల్లో ఇంకో సందేశం వచ్చింది. 'నమస్కారం. ఒక మంచి ప్రయాణం రాసి పంపగలరు.'

ఆమె నాలుగు ప్రశ్నలూ పంపింది. గంట తర్వాత జవాబు వచ్చింది. 'తేదీ ఇంకా తెలియదు. ఒకరో ఇద్దరో. ఊరు మీ ఇష్టం. ఖర్చు మీరు రాశాక చూస్తాను. చదవగానే సరే అనేట్టు ఉండాలి.'

ఒకరో ఇద్దరో ఏమిటి? తానొక్కడే పోతాడో, పక్కన ఇంకొకరుంటారో తెలియని మనిషి ఉంటాడా? ఆపైన, చదవగానే సరే అనాలట. అది ప్రయాణం చేసేవాడి మాట కాదు, ప్రయాణం అమ్ముకునేవాడి మాట. ఆమె నేరుగా ఫోను చేస్తే అవతల ఎత్తలేదు. 'ఇప్పుడు మాట్లాడలేను, దయచేసి రాసి పంపండి' అని వచ్చింది. ఇది అవతలి ఆఫీసు పనేననడంలో ఇక ఆమెకు సందేహమే లేకపోయింది.

యజమానికి చూపించింది. "జవాబివ్వకుండా వదిలెయ్యి" అన్నాడు.

"వదిలేస్తే ఇంకోరకంగా వస్తాడు సార్. ముల్లును ముల్లుతోనే తీయాలి. ఇందులో ఒక అబద్ధం పెట్టి పంపుతాను. అది వాళ్ల బోర్డు మీద కనబడిందంటే దొంగ దొరికినట్టే."

యజమానికి ఆ మాట నచ్చింది. ఆమె మూడు రోజుల ప్లాన్ రాసింది. సరస్సు ఒడ్డున ఊరు, రైలు వేళలు, బస, అన్నీ నిజమే. రెండో రోజు దగ్గర మాత్రం ఇలా రాసింది: 'సాయంత్రం నాలుగున్నరకు పడవ. దీవి చుట్టూ గంటన్నర. నీళ్ల మీద వెలుగు మారడం అక్కడినుంచే చూడాలి.' ఆ పడవ ఆగిపోయి రెండేళ్లయింది. పాత కరపత్రాల్లో తప్ప ఎక్కడా లేదు. ఎలాగూ ఎవరూ వెళ్లని ప్రయాణం కదా అని కాస్త మనసు పెట్టి, అందంగానే రాసింది.

'చాలా సంతోషం. ఈ రోజే చదివి వినిపిస్తాను' అని జవాబు వచ్చింది. ఎవరికో ఆమెకు తెలుసు. రోడ్డవతల ఉన్న వాళ్ల పెద్దకు.

ఎనిమిది రోజులు టీ తాగే నెపంతో వెళ్లి ఆ బోర్డు చదివి వచ్చింది. పడవ ఊసే లేదు. దొంగ తెలివైనవాడు, కాస్త ఆగాక పెడతాడు అనుకుంది.

తొమ్మిదో రోజు పదకొండు గంటలకు ఒక పెద్దాయన ఆఫీసు తలుపు తోసుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నాలుగు మడతల కాగితం. వెనక ఆయన భార్య. ఆమె లోపలికి రాకుండా గుమ్మం పక్క బల్ల మీద కూర్చుంది.

"ఇది మీరు పంపిందేనమ్మా. చూసి రాసుకున్నాను" అంటూ ఆయన కాగితం విప్పాడు. గుండ్రటి అక్షరాలతో ప్లాన్ అంతా ఎత్తి రాశాడు. "స్కూల్లో అటెండరుగా చేసి రిటైరయ్యాను. సెలవుల్లో తీసుకెళ్తానని పెళ్లైనప్పటినుంచీ చెబుతూనే వచ్చాను. సెలవులొస్తే గదులకు సున్నం, పరీక్షల బెంచీలు. ఆవిడ నమ్మడం మానేసింది. అందుకే తేదీ రాయలేదు. తను సరే అన్నరోజే తేదీ. వస్తుందో రాదో తెలియక ఒకరో ఇద్దరో అన్నాను. తను పక్కనుంటే ఫోనులో ఎలా మాట్లాడను?"

ప్రశ్నలమ్మ చూపు ఆ కాగితంలో రెండో రోజు దగ్గర ఆగింది.

"రైలన్నా ఊఁ అనలేదు, సరస్సన్నా ఊఁ అనలేదు" అని ఆయన గొంతు తగ్గించి నవ్వాడు. "నాలుగున్నర పడవ చదివాక, మళ్లీ చదవమంది. శుక్రవారానికి టిక్కెట్లు తీయండమ్మా."

టిక్కెట్లు తీసి ఊరుకోవచ్చు. అక్కడికెళ్లాక పడవ ఈ మధ్యే ఆగిందంటారు, అంతే. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు, వచ్చినందుకు సిగ్గేసింది. లేచి బల్ల దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, ఆ పడవ లేదు. రెండేళ్ల కిందటే ఆగిపోయింది. తెలిసే రాశాను. ఎవరో మా ప్లాన్ దొంగిలించడానికి అడుగుతున్నారనుకున్నాను. అబద్ధం నాది, ఆయనది కాదు."

పెద్దావిడ ఆమె వైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది. "నేను చెప్పలేదూ?" అంది మెల్లగా. చీర సర్దుకుని లేచి మెట్లు దిగింది.

"ఉన్న వాటితో ఇంకోటి రాస్తాను, ఇప్పుడే రాస్తాను" అంది ప్రశ్నలమ్మ. ఆయన కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మీ తప్పేం లేదమ్మా. నాకు అడగడం రాలేదు" అని, ఆవిడ వెళ్లిన వైపు గబగబా వెళ్లాడు. రోడ్డు మీద ఆవిడ నాలుగడుగులు ముందు, ఆయన వెనక. మలుపు తిరిగేదాకా ఆ దూరం తగ్గలేదు.

ప్రశ్నలమ్మ కుర్చీలోకి వచ్చి కూర్చుంది. మాటలు వినిపించి యజమాని లోపలి గదినుంచి తొంగిచూశాడు.

"ఆ పడవ సంగతేనా? దొంగ దొరికాడా?"

"దొరికింది సార్" అంది ఆమె.