నంబరు నిలవని కళ్ళజోడు

యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు ఏడాది తిరగకముందే మసకబారాయి. ఐదు నెలల్లో రెండుసార్లు కళ్ళజోడు మార్చాను. కొత్తలో బాగానే కనిపించేది, కొన్నాళ్ళకే మళ్ళీ మసక. మూడోసారి కర్నూలులో అద్దాల దుకాణాయన కళ్ళు చూసి, అద్దాలు ఇవ్వనన్నాడు.

"ఏమ్మా, వచ్చినప్పుడల్లా నంబరు మారుతాండాది. దప్పిక శానా అయితాందా?"

"ఈ ఎండల్లో ఎవరికి కాదప్పా?"

"ముందు పోయి చక్కెర చూపించుకో. అద్దాలు యాడికీ పోవు."

ఆస్పత్రిలో రక్తం తీసి చూస్తే చక్కెర మూడు వందలు దాటింది. చక్కెర ఎక్కువైతే కంటిలోని కటకం ఉబ్బి చూపు మారుతుందని, అది కుదుటపడేదాకా కొత్త అద్దాలు వద్దని డాక్టరమ్మ చెప్పింది. చుక్కలు వేసి కంటి వెనక పొర కూడా చూసి, ఇంకా చెడలేదంది.

డాక్టరమ్మ రాసిచ్చిన చక్కెర మాత్రలు మొదలుపెట్టిన వారానికి పుస్తకంలో అక్షరాలు ఇంకా చెదిరిపోయాయి. మాత్రలే నా కళ్ళు తీస్తున్నాయనుకుని నాలుగు రోజులు మానేసి, భయంతో మళ్ళీ ఆమె దగ్గరికే పోయాను.

"చక్కెర దిగేటప్పుడు కూడా చూపు మారుతాదమ్మా. మాత్రలు మానితే వెనక పొర పోతాది. అప్పుడు ఏ అద్దమూ పనికిరాదు. నెలన్నర ఓర్చుకో."

ఇంటికొచ్చి మాత్ర వేసుకున్నాను. పుస్తకం మాత్రం తెరవలేదు.