అనుపమ చెప్పలేకపోయిన తేదీ

బచేలిలో ఇనుప గని ఉద్యోగుల క్వార్టర్ల వరుసలో అనుపమ గురించి ఆడవాళ్లు చెప్పుకునేది ఒక్కటే. మొగుడు గోపీ పొద్దున్నే షిఫ్టు బస్సెక్కి కొండ మీదికి వెళ్లగానే, ఆమె ఫోను వంటింట్లో వదిలేసి, రెండో గదిలో తలుపేసుకుని, సాయంత్రం దాకా కంప్యూటర్లో ఆటలాడుతుందట. అదీ ఒక ఉద్యోగమేనట.

ఉద్యోగమే. కాకపోతే ఆడటం కాదు, ఆటను చెడగొట్టడం. విదేశీ కంపెనీలు తయారుచేసే పెద్ద ఆటలను అమ్మకానికి ముందే పరీక్షించే హైదరాబాదు సంస్థలో ఆమె టెస్టర్. పెళ్లయి బచేలి వచ్చాక ఇంటి నుంచే చేసుకొమ్మన్నారు. గోడకు వంద చోట్ల గుద్దుకుని ఎక్కడైనా మనిషి గోడలోకి దూరిపోతాడేమో చూడాలి. ఆట మధ్యలో కంట్రోలర్ వైరు పీకేయాలి. ఏదైనా తప్పు దొరికితే అది ఏం చేస్తే వస్తుందో రాసి పంపాలి. వాళ్లు బాగుచేసి పంపుతారు. అది బాగుపడిందో లేదో చూస్తుంటే, ఆ మరమ్మతు వల్ల ఇంకోచోట ఇంకేదో విరిగి కనబడుతుంది.

ఆట పేరు ఎవరికీ చెప్పనని ఆమె సంతకం పెట్టింది. ఆ ఎవరిలో గోపీ కూడా ఉన్నాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగాడు, చెప్పకూడదంది. మంచివాడు, మళ్లీ అడగలేదు. రాత్రి భోజనాల దగ్గర అతను కొండ మీద ఖనిజం మోసే బెల్టు ఎక్కడ తెగిందో, ఏ మోటారు కాలిందో చెప్పేవాడు. ఆమె వినేది. నీ సంగతేంటంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. రోజంతా తిరిగిన ఊళ్లు, నదులు, మనుషులు ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయేవి.

ఆటల గురించి మాట్లాడటానికి ఆమెకు మిగిలింది ఒక్కడే, జగదల్‌పూర్‌లో పెదనాన్న కొడుకు రాంప్రసాద్. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే టీవీ ముందు కూర్చుని వంతులేసుకుని ఆడినవాళ్లు. అతనిప్పుడు నాన్న బట్టల దుకాణం మీది అంతస్తులో గేమ్ పార్లర్ నడుపుతున్నాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. ఆ గంట కోసం ఆమె వారమంతా ఎదురుచూసేది.

రాంప్రసాద్ ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న ఆట ‘సాల్ట్ మెరిడియన్’ రెండో భాగం. అనుపమ తలుపేసుకుని పరీక్షిస్తున్నదీ అదే. ఆమె పనేమిటో అతనికి తెలుసు, ఏ ఆట మీదో తెలియదు.

ఒకరోజు కంపెనీ విడుదల తేదీతో వీడియో పెట్టింది. ఆ ఉదయమే అనుపమ చేతిలో ఆట మూడుసార్లు కూలిపోయింది. ఎక్కువసేపు ఆడినవాళ్లు నది దాటగానే, అంతవరకు దాచుకున్న ఆటంతా తుడిచిపెట్టుకుపోతోంది. వంటింట్లో నిలబడి ఆ వీడియో చూస్తుంటే ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ తేదీకి ఇది తయారుకాదని మాత్రం తెలుసు.

ఆదివారం రాంప్రసాద్ గొంతు ఉత్సాహంగా ఉంది. ఆట విడుదల రోజున పార్లర్ పొద్దున్నే తెరుస్తాడట. దూరపు ఊళ్లు గీదం, సుక్మాల నుంచి కూడా కుర్రాళ్లు వస్తామన్నారట. బ్యానరు కొట్టిస్తాడట.

“బ్యానరు మీద తేదీ వేయకు అన్నా.”

“ఏంది చెల్లె, కంపెనీయే చెప్పింది గదా. పక్కా ఖబర్.”

ఆమె గొంతు సర్దుకుంది. ఈ ఆట అని కాదు, ఏ పెద్ద ఆటకైనా అంటూ మొదలుపెట్టింది. తేదీ అంటే ఆట పూర్తయిందని కాదు, అప్పటికి పూర్తి చేయాలనుకుంటున్నారని. నాలుగు దేశాల్లో వందలమంది విడివిడిగా చేసిన ముక్కలు చివర్లోనే ఒక్కచోట కలుస్తాయి, అసలు తప్పులు అప్పుడే బయటపడతాయి. ఆ పైన ఆట యంత్రాలు చేసే కన్సోల్ కంపెనీలు తమ పరీక్షలు పెడతాయి, అందులో తప్పితే సరిచేసి మళ్లీ పంపాలి. తేదీ మాత్రం ఒక్కోసారి వాటాదారుల కోసమో, పండగ అమ్మకాల కోసమో ముందే నిర్ణయమైపోతుంది. బయటివాళ్ల చేతికి ఆట ఇచ్చి ఆడించారా, లేక వీడియోలే చూపిస్తున్నారా, అది చూడమంది. అమ్మకానికి వెళ్లే చివరి ప్రతి, అంటే మాస్టర్ కాపీ, సిద్ధమైందని కంపెనీ నోటితో చెప్పేదాకా తేదీని పెన్సిల్‌తో రాసుకోమంది. చెప్పాక కూడా వాయిదా పడ్డవి లేకపోలేదంది.

“నువ్వు ఎప్పుడూ ఇట్లనే నీళ్లు చల్లుతవ్” అని రాంప్రసాద్ నవ్వేశాడు. బ్యానరు కొట్టించాడు.

కొన్ని వారాలకు అనుపమ మేనేజర్ ఆ ఆట మీద ఆమె పని గడువు పొడిగిస్తున్నట్టు చెప్పాడు. అంటే వాయిదా ఖాయం. ఆ ఆదివారం రాంప్రసాద్ బ్యానరు ఫొటో పంపాడు. బాగుందని రాసింది. ఆ మూడక్షరాలు పంపి ఫోను బోర్లా పెట్టేసింది.

తర్వాత అందరికీ తెలిసింది. ఇంటర్నెట్లో నల్లని పలక మీద తెల్లని అక్షరాల్లో, మీకు మంచి ఆట ఇవ్వడానికి ఇంకొంత సమయం కావాలని కంపెనీ ప్రకటించింది. ఆ ఆదివారం ఫోన్ రాలేదు. మరుసటి ఆదివారం వచ్చింది.

“నీకు ముందే తెలుసా?”

అవునంటే సంతకం తప్పినట్టు, కాదంటే అబద్ధం. దుకాణం ఎలా నడుస్తోందని అడిగింది.

“నాకు కూడా చెప్పకపోతివి. పోరగాళ్ల ముందు నేను ఎర్రోణ్ణి అయిన.”

ఆ తర్వాత ఆదివారాలు ఖాళీ అయ్యాయి. గోపీ ఇంట్లో ఉన్నా ఆ గంటలో ఆమె ఫోను పక్కన పెట్టుకుని కూర్చునేది. అన్నతో తగువుపడ్డావా అని అతనడిగితే లేదంది. అది నిజమే. తగువుపడటానికైనా కారణం చెప్పగలగాలి.

వానాకాలం మొదట్లో ఒక సెలవు రోజున ఆమె ఒక్కతే బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్లింది. మెట్లెక్కి పైకి వెళితే రాంప్రసాద్ కుర్చీలు తుడుస్తున్నాడు. గోడకు బ్యానరు లేదు. టీ తెప్పించాడు.

“నేను చెప్పగలిగిందంతా ఆరోజే చెప్పిన అన్నా” అందామె. “చెప్పలేంది ఇప్పుడూ చెప్పలేను. నా నౌకరీ అట్లాంటిది.”

అతను టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆ పెన్సిల్ సంగతి మళ్లీ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. ఈసారి అతను నవ్వలేదు.

కొత్త తేదీ వచ్చినప్పుడు అతను పార్లర్ బోర్డు మీద ఏ అంకె రాయలేదు. ఎప్పుడని అడిగినవాళ్లకు, బయట ఎవరి చేతికీ ఇంకా ఇయ్యలేదని, ఇచ్చినంక మాట్లాడదామని చెప్పాడు. ఎవరో తెలియని వెబ్‌సైటు నవంబరని రాస్తే, రాసిందెవరని అడిగాడు. ఆటలు అమ్మే సైటులో డిసెంబరు ముప్పై ఒకటి కనబడితే, తేదీ తెలియనప్పుడు ఖాళీ నింపేందుకు పెట్టే తేదీ అది అన్నాడు. ఆట రెండోసారి వాయిదా పడింది. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు, అతనికీ ఏమీ అనిపించలేదు. ఈ సంగతులన్నీ అనుపమకు తర్వాతే తెలిశాయి. ఆదివారాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

ఎట్టకేలకు, మరుసటి ఏడాది ఎండాకాలం చివర్లో ఆట వచ్చింది. నది దాటినవాళ్ల ఆట చెరిగిపోలేదు. దాని మీద వీడియోలు చేసినవాళ్లు ఆ నదిని మెచ్చుకున్నారు. అనుపమ అవి చూసింది. అక్కడే తను వారాల తరబడి అటూఇటూ నడిచిందని చెప్పుకోవడానికి ఆ క్వార్టర్లో ఎవరూ లేరు.

నెల గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“ఆట ఖతం చేసిన” అన్నాడు రాంప్రసాద్. “చివర్ల పేర్లు వస్తయి గదా. మొత్తం చూసిన చెల్లె. అర్ధగంట పట్టింది. మీ హైదరాబాదు కంపెనీ పేరు ఒక్క లైను ఉంది. నీ పేరు లేదు.”

“ఉండదు అన్నా. బయటి సంస్థల వాళ్లవి చాలాసార్లు వేయరు.”

“రెండుసార్లు చూసిన.”

ఆమె కిటికీలోంచి కొండవైపు చూస్తూ నిలబడింది. ఇప్పుడేం ఆడుతున్నవని అతను అడగబోయి, మధ్యలోనే ఆపేశాడు. ఆ ఆపడం ఆమెకు వినబడింది.

“మీ దిక్కు వానలు పడుతున్నయా?” అన్నాడు.

పడుతున్నాయని, కొండ కనబడటం లేదని ఆమె చెప్పింది. చెబుతూ కుర్చీ లాక్కుని కూర్చుంది.