అమ్మ ఫోన్లోని స్క్రీన్‌షాట్లు

నిన్న సాయంత్రం తిరువళ్లూరు స్టేషన్లో లోకల్ బండి ఎక్కి కూర్చున్నాక, పక్కనున్న అమ్మాయి ఫోన్లోంచి టిక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. ఆమె ఏదో స్క్రీన్‌షాట్ తీసుకుంది. అప్పుడే వాన వెలిసింది. కిటికీ ఊచల మీద నీటిబొట్లు జారుతున్నాయి, తడిసిన ప్లాట్‌ఫారం మీద దీపాలు వణుకుతున్నాయి. ఆ చిన్న చప్పుడు వినగానే తిరుత్తణిలో మా ఇంటి వసారాలో ఫోను రెండు చేతులా పట్టుకుని కూర్చున్న మా అమ్మ ధనమ్మ కళ్లముందు కదలాడింది. అమ్మ పోయినా ఆమె ఫోన్లోని స్క్రీన్‌షాట్లన్నీ నా ఫోన్లో ఉన్నాయి. బండి కదిలాక వాటిని తెరిచాను.

మాది నేతపనివాళ్ల ఇల్లు. నాన్న పోయాక అమ్మ మరమగ్గాల షెడ్డులో పనికి చేరి, ఆ మోతలోనే నన్ను చదివించింది. ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లం, బడిలో తమిళం చదువుకున్నాం. అందుకే ఫోన్లో అమ్మ మా తెలుగునే తమిళ అక్షరాల్లో రాసేది. తమిళంలో 'గ'కు వేరే అక్షరం లేదు కాబట్టి నా భార్య గీత ఆమె రాతలో ఎప్పుడూ 'కీత'. పెళ్లయి నేను తిరువళ్లూరులో కాపురం పెట్టిన కొత్తలో అమ్మ రోజూ ఫోన్ చేసేది. తరువాత మాటలు తగ్గాయి. నేను చేస్తే ఎత్తి, రెండు మాటలకే పెట్టేసి, "మెసేజ్ పెట్టు నాయనా" అని రాసేది. వేరు కాపురం పెట్టినందుకు మనసు నొచ్చుకుందేమో అనుకున్నాను. అడగలేదు. "తింటివా?" అని ఆమె రాసేది, "తింటిని" అని నేను రాసేవాణ్ణి. మా మధ్య చాలాకాలం అంతే నడిచింది.

ఒకసారి ఆమె నుంచి పొరపాటున ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. దానిలో నేను చేసిన కాల్ తెర, నా పేరు, పక్కన శబ్దం ఎంతుందో చూపే పట్టీ ఉన్నాయి. ఆ పట్టీ చివరిదాకా నిండి ఉంది. ఏం పంపినావమ్మా అని రాస్తే, చేయి తగిలిందని జవాబిచ్చింది. నేనూ పట్టించుకోలేదు.

తరువాత ఒక ఆదివారం తిరుత్తణి వెళ్లాను. అది కృత్తిక రోజు కాదు గనుక వీధిలో కొండ మీది స్వామికి మొక్కు కావళ్లు మోసుకెళ్లేవాళ్ల సందడి లేదు. మేడ మీంచి కొండ, దాని మీద గుడి, పలచటి మబ్బు కనిపిస్తున్నాయి. ఫోన్లో చోటు లేదంటోంది, ఫోటోలు రావడం లేదు, చూడమని అమ్మ తన ఫోను నా చేతికిచ్చింది. అనవసరమైనవి చెరిపేద్దామని స్క్రీన్‌షాట్లున్న చోటు తెరిచాను. వేలు ఆడించినకొద్దీ అవి వస్తూనే ఉన్నాయి.

మొదటివన్నీ కాల్ తెరలే. అన్నింట్లోనూ నా పేరు, పక్కన నిండిన ఆ పట్టీ. ఆమె ఫోన్లో శబ్దం పెంచే బొత్తాము, తగ్గించే బొత్తాము, ఫోను ఆపే బొత్తాము అన్నీ ఒకే అంచున ఉంటాయి. నా మాట వినబడక శబ్దం పెంచి పెంచి, ఇంకా పెరుగుతుందేమోనని ఆ అంచునంతా గట్టిగా నొక్కి పట్టుకునేది. తగ్గించే బొత్తాము, ఆపే బొత్తాము కలిసి నొక్కుకుపోతే తెర దానంతటదే ఫోటో అయిపోతుంది. అలా నేను మాట్లాడుతుండగా ఆమెకు వినబడని క్షణాలన్నీ అక్కడ వరసగా పడి ఉన్నాయి.

తల ఎత్తి చూశాను. అమ్మ నా కళ్ల వైపు కాదు, పెదాల వైపు చూస్తోంది. ఎప్పటినుంచీ అలా చూస్తోందో నాకు తెలియదు.

"వినపడలేదామ్మా?" అన్నాను.

"గొంతు వినపడతాది. మాటే తెలీదు. ఎదురుగా ఉంటే నోరు చూసి పట్టుకుంటాను. ఫోన్లో నోరు యాడ కనపడతాది?"

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"మీకు బిడ్డ పుడితే నేను పెంచాలని ఆశ. ఏడిస్తే వినపడని దాని దగ్గర బిడ్డను ఎవురు విడుస్తారు?"

ఏం చేయాలో తెలియక ఫోన్లోకే చూశాను. ఆ తరువాతి స్క్రీన్‌షాట్లు చేయి తగిలి పడినవి కావు. మా ఇద్దరి చాట్ తెరలు అవి. ప్రతిదానిలో పైన నా పేరు, దాని కింద నేను రాస్తున్నానని తెలిపే తమిళ మాట ఉన్నాయి. రాస్తున్నాడు, రాస్తున్నాడు, రాస్తున్నాడు. కింద చూస్తే నా నుంచి వచ్చింది "తింటిని" ఒక్కటే. రెండు బొత్తాములు కలిపి నొక్కితే తెర నిలిచిపోతుందని అప్పటికి ఆమె కనుక్కుంది. ఇంతసేపు రాసి ఏం చెప్పకుండా పోతాడే వీడు అని, కనీసం నేను రాస్తున్నప్పటి తెరనైనా దాచుకుంది.

వాటి చివర ఒకటుంది. దానిలో ఉన్నవి నా మాటలే. "అమ్మా, గీతకు బిడ్డ నిలవలేదు. కడుపుతో ఉందని కూడా నీకు చెప్పలేదు. నాకు చేత కావడం లేదు." ఒక మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో రాసి, పంపి, వెంటనే ఇద్దరికీ కనబడకుండా చెరిపేసిన మెసేజ్ అది. టిక్కు నీలమైందో లేదో కూడా చూడలేదు. చెరిపేశాక ఇద్దరి ఫోన్లలోనూ మెసేజ్ తొలగించారన్న మాట మాత్రమే మిగిలింది. కాని ఆ వేళ అమ్మ, నేను రాస్తున్నానని చూసి ఎప్పటిలాగే తెర పట్టుకోబోయింది. సరిగ్గా అప్పుడే నా మాటలు వచ్చి పడ్డాయి.

"ఇది చూసినావా?" అన్నాను.

"చూసినాను. నువ్వు చెరిపేసినావు కదా నాయనా. చెరిపేసినదాన్ని నేనెట్ల అడిగేది?"

అన్ని నెలలు ఆమె గీతకు ఎందుకు మునగాకు పొడి పంపిందో, ఎందుకు ప్రతి మెసేజ్ చివర "కీత బాగుందా" అని రాసిందో అప్పుడు అర్థమైంది. చెప్పడం మొదలుపెట్టాను. ఆడబిడ్డ అని, గీత ఒక చిన్న గౌను కొని దాచుకుందని, అది ఇంకా బీరువాలోనే ఉందని. ఏడుపొచ్చి తల వంచుకోబోతే అమ్మ నా గడ్డం కింద చేయి పెట్టి పైకి లేపింది.

"మొగం దించొద్దు. మాట పోతాది నాకు."

అందుకని ముఖం దాచుకోకుండా, కన్నీళ్లు కారుతుండగా, పెదాలు కదులుతున్నది ఆమెకు కనబడేలా అంతా చెప్పాను. అలా ఎవరి ముందూ అంతకు మునుపు ఏడవలేదు. అమ్మ ఒక్క మాటా వదలకుండా చూసింది.

ఆ తరువాత చెవి పరీక్షకు తీసుకెళ్లాను. అద్దాల గదిలో కూర్చుని, శబ్దం వినబడినప్పుడల్లా వేలు ఎత్తమన్నారు. సన్నటి శబ్దాలకు ఆమె వేలు లేవలేదు. మగ్గాల మోత పైస్థాయి శబ్దాలను తినేసిందని, స, త, క లాంటి అక్షరాలు జారిపోయి గొంతు మాత్రమే మిగులుతుందని డాక్టరమ్మ చెప్పింది. చెవికి మిషన్ పెట్టిన రోజు అమ్మకు కాగితం చప్పుడు, తన గాజుల చప్పుడు భరించలేనంతగా వినిపించాయి. వారాలపాటు విసుక్కుంటూనే అలవాటు చేసుకుంది. గీత ఆమె ఎదురుగా కూర్చుని, తొందర లేకుండా, ఆ గౌను సంగతి తనే చెప్పింది.

కొంతకాలానికి మాకు పాప పుట్టింది, అమ్మ మా ఇంటికి వచ్చేసింది. బిడ్డను రాత్రిళ్లు అత్తమ్మ పక్కనే పడుకోబెడదామని మొదట అన్నది గీతే. పడుకునేటప్పుడు మిషన్ తీసేయాలి కదా అని నేను తటపటాయించాను. అమ్మ తన అరచేయి పాప పొట్ట మీద ఆనించి, "ఏడిచే ముందర కడుపు కదలతాది. చెవి ఎందుకు?" అంది. మాకంటే ముందు ఆమే మేలుకునేది.

ఇప్పుడు అమ్మ లేదు. పాప బడికి వెళుతోంది. ఇంట్లో ఎవరితో ఏం చెప్పాలన్నా వెలుతురులోకి వచ్చి, ముఖం ఎత్తి చెబుతాను. పాప నిద్రలోకి జారేవేళ పక్కన కూర్చుని దాని పొట్ట మీద చేయి వేస్తాను. ఊపిరి నెమ్మదిగా లేచి పడుతుంటుంది. అది ఏమీ చెప్పదు, నేనేమీ అడగను. అయినా నా అరచేతికి అంతా తెలుస్తూనే ఉంటుంది.